డూ రాని ప్రశ్న

ఇంగ్లీషులో ‘డూ’ అనే మాటకి రెండు బతుకులున్నాయి. ఒకటి మనందరికీ తెలిసినదే: పని చేయడం. రెండోది విచిత్రమైనది. ‘డూ యూ నో హిమ్?’ అన్నప్పుడు అందులో ఎవరూ ఏ పనీ చేయడం లేదు. ‘ఐ డిడ్ నాట్ గో’ అన్నప్పుడూ అంతే. ఆ డూ కి అర్థం లేదు. తీసేసినా చెప్పదలచుకున్నది అందుతుంది. అయినా అది లేకపోతే ఇంగ్లీషు రాదన్నమాటే. అర్థం లేని ఒక మాట మనిషి చదువుకి కొలబద్ద కావడం ఎలా జరిగింది? ఆ మాటే మన నోటికి ఎందుకు రాదు? ఈ రెండు ప్రశ్నలూ నన్ను చాలా కాలంగా పట్టుకుని ఉన్నాయి.

నాది అనకాపల్లి. బెల్లం మార్కెట్టు ఊరు. మా ఊళ్ళో ఇంగ్లీషు రెండు రకాలుగా వినిపిస్తుంది. తెలుగులో కలిసిపోయిన ఇంగ్లీషు ఒకటి: ‘లోడు ఫిక్స్ అయిందా?’, ‘పేమెంట్ చేయలేదేటి?’. అచ్చంగా ఇంగ్లీషే మాట్లాడాలని పూనుకున్నప్పుడు వచ్చే ఇంగ్లీషు ఇంకొకటి: ‘వై యూ కేమ్ లేట్?’, ‘వాట్ యూ వాంట్?’, ‘వేర్ యూ లివ్?’. ఈ రెండో రకాన్ని వినే వాళ్ళ మొహంలో ఒక చిన్న నవ్వు వస్తుంది. మా బంధువుల కుర్రాడు ఒకడు ఇంటర్వ్యూ చివర్లో ‘వెన్ యూ విల్ టెల్ ది రిజల్ట్?’ అని అడిగాడట. టేబులుకి అవతల ఉన్న ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట. కెమిస్ట్రీలో వాడు చెప్పిన జవాబులన్నీ సరైనవే. వాడు అడిగిన ఒక్క ప్రశ్నే వాడికి గుర్తుండిపోయింది.

ఇలాంటి వాక్యాల గురించి మామూలుగా చెప్పే మాట ఒకటుంది: ‘మనవాళ్ళు తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులోకి మారుస్తారు, అందుకే డూ పడిపోతుంది.’ ఇందులో కొంత నిజం ఉంది. కానీ కొంతే. ఆ తక్కువైన భాగమేమిటో చూడాలంటే ముందు ఇంగ్లీషు వాళ్ళ పాత ఇంట్లోకి ఓసారి వెళ్ళాలి.

ఇంగ్లీషుకీ ఒకప్పుడు ఈ డూ అక్కర్లేదు. ‘నువ్వు వచ్చావా?’ అనడానికి క్రియనే వాక్యం ముందుకి తెచ్చేవారు: ‘కేమ్ యూ?’ తరహాలో. ‘నాకు తెలియదు’ అనడానికి ‘ఐ నో నాట్’. క్రియ తన చోటు నుంచి లేచి, ‘నాట్’ ని దాటి, కావలిస్తే కర్తని కూడా దాటి ముందుకి వెళ్ళగలిగేది. ఇప్పటికీ ‘ఈజ్’, ‘హావ్’, ‘కెన్’, ‘విల్’ లాంటివి అలాగే లేచి వెళ్తాయి: ‘ఈజ్ హి హియర్?’, ‘కెన్ యూ కమ్?’. మిగతా క్రియలు మాత్రం ఆ శక్తిని పోగొట్టుకున్నాయి. క్రియ చివర పురుషనీ, వచనాన్నీ చూపే ప్రత్యయాలు ఒక్కొక్కటిగా రాలిపోయిన శతాబ్దాలూ, క్రియ కదలడం మానేసిన శతాబ్దాలూ దాదాపు ఒకటే. ఈ రెంటికీ సంబంధం ఉందని చాలామంది భాషావేత్తలు అంటారు.

క్రియ కదలకపోతే ఒక చిక్కు వస్తుంది. ప్రశ్న అని తెలియాలంటే కాలాన్ని చూపే ముక్క ఏదో ఒకటి కర్త కంటే ముందుకి రావాలి. క్రియ రానంటోంది. మరి కాలం దేనికి అతుక్కోవాలి? గాలిలో నిలబడలేదు కదా. దానికి ఒక మోసేవాడు కావాలి. అప్పటికే ఇంగ్లీషులో అర్థం పలచబడిపోయిన ఒక డూ ఉంది. ‘చేయించడం’ అనే అర్థంలో వాడినది, పద్యాల్లో ప్రాస కోసం, పాదం నింపడం కోసం వాడినది. ఆ డూ ఈ మోత పనికి కుదిరింది. ‘డిడ్ యూ కమ్?’ లో ‘డిడ్’ మోస్తున్నది భూతకాలాన్ని ఒక్కదాన్నే. అందుకే దాని వెనక ‘కమ్’ ఉత్త ధాతువుగా మిగిలిపోయింది.

ఇదంతా ఒక్క రోజులో జరగలేదు. స్వీడన్ కు చెందిన ఆల్వార్ ఎలిగార్డ్ అనే పండితుడు 1953లో ఒక పుస్తకం ప్రచురించాడు. 1400కి కాస్త ముందు నుంచి 1700 దాకా వచ్చిన ఇంగ్లీషు రచనల్ని వరసగా చదివి, ఏ రకం వాక్యంలో డూ ఎన్నిసార్లు వచ్చిందో, ఎన్నిసార్లు రాలేదో లెక్కపెట్టాడు. కంప్యూటరు లేని రోజుల్లో చేతి లెక్క. ఆ లెక్కలో తేలినవాటిలో ఒకటి మన కథకి ముఖ్యం: డూ ముందు ప్రశ్నల్లో స్థిరపడింది, ‘కాదు’ వాక్యాల్లో వెనకబడింది. ‘డూ యూ నో?’ అనడం అలవాటైపోయిన చాలా కాలానికి కూడా ‘ఐ నో నాట్’ అనేవారు. నో లాంటి కొన్ని క్రియలు మరీ మొండికేశాయి. ఇంకో సంగతి కూడా ఉంది. పదహారో శతాబ్దంలో మామూలు వాక్యాల్లో కూడా, నొక్కి చెప్పనక్కర్లేని చోట, ‘ఐ డూ గో’ అనడం కొంత పెరిగి, మళ్ళీ తగ్గిపోయింది. 1755లో నిఘంటువు వేసిన శామ్యూల్ జాన్సన్ దాన్ని అనవసరమైన, చెడ్డ అలవాటుగా లెక్కవేశాడు. అంటే డూ ఎక్కడ ఉండాలి, ఎక్కడ ఉండకూడదు అన్నది ఇంగ్లీషు వాళ్ళు రెండు మూడు వందల ఏళ్ళు తడబడి తేల్చుకున్న విషయం.

ఆ తడబాటు మధ్యలోనే ఇంగ్లీషు మన తీరానికి వచ్చింది. ఈస్టిండియా కంపెనీ ఓడ గ్లోబ్ మచిలీపట్నం చేరింది 1611లో. ఇంగ్లండులో రాజు జేమ్స్ పేరు మీద బైబిలు అనువాదం అచ్చయిందీ ఆ ఏడే. ఆ బైబిల్లో డూ లేని ప్రశ్నలూ, డూ లేని కాదు వాక్యాలూ తరచుగా కనిపిస్తాయి. విశాఖపట్నంలో కంపెనీ స్థావరం 1682లో పెట్టారు. 1805లో అదే ఊళ్ళో లండన్ మిషనరీ సొసైటీ వాళ్ళు దిగారు. అప్పటికి దొరల నోట్లో డూ గట్టిగా స్థిరపడిపోయింది, చేతిలోని బైబిల్లో మాత్రం పాత ఇంగ్లీషే ఉంది. ఆ రోజుల్లో ఇంగ్లీషు బైబిలు చదువుకున్న తెలుగు కుర్రాడి ముందు రెండు వ్యాకరణాలు ఒకే పేరుతో నిలబడ్డాయి. రెంటిలో కొత్తదే పరీక్షలో నెగ్గింది.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం.

తెలుగులో ప్రశ్నకి ఏదీ ముందుకి కదలనక్కర్లేదు. ‘వచ్చావు’ చివర ఒక దీర్ఘం తగిలిస్తే ‘వచ్చావా?’. ఆ ‘ఆ’ ని వాక్యంలో ఎక్కడ అనుమానముంటే అక్కడికి తీసుకెళ్ళవచ్చు: ‘నిన్నా వచ్చావు?’, ‘నువ్వా వచ్చావు?’. మా ఉత్తరాంధ్రలో అయితే ఆశ్చర్యం కలిసినప్పుడు ‘ఏటి’ చివర చేరుతుంది: ‘నీకు తెలీదేటి?’. ఎందుకు, ఎక్కడ, ఎప్పుడు అనే మాటలు కూడా క్రియకి దగ్గరగా, తమ చోట తాము కూర్చుంటాయి: ‘నువ్వు ఎందుకు వచ్చావు?’. కదలిక లేదు కనక మోసేవాడి అవసరమూ లేదు.

కాదనడం ఇంకా సులువు. ‘వెళ్ళను, వెళ్ళవు, వెళ్ళడు, వెళ్ళదు’. కాదన్న అర్థం క్రియ కడుపులోనే ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో ద్రావిడ భాషల వ్యాకరణాలు రాసిన దొరలకి ఇది వింతగా తోచింది. 1856లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం వేసిన కాల్డ్వెల్ దీనికి విడిగా చోటిచ్చి చర్చించాడు. జరిగిపోయినదాన్ని కాదనాలంటే ‘వెళ్ళ’ కి ‘లేదు’ చేరుస్తాం: నేను వెళ్ళలేదు, నువ్వు వెళ్ళలేదు, వాడు వెళ్ళలేదు. ఎవరైనా అదే ‘లేదు’.

ఇంతవరకూ చూస్తే పాత సిద్ధాంతమే సరైనదనిపిస్తుంది. తెలుగులో డూ లేదు, అందుకని మన ఇంగ్లీషులో డూ పడిపోతోంది. అయితే ఒక్క మనిషి మాట్లాడే రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టి చూడండి. ‘నువ్వు ఎందుకు వచ్చావు?’, ‘నువ్వు ఎందుకు రాలేదు?’. మొదటిదానికి మా ఊరి ఇంగ్లీషు ‘వై యూ కేమ్?’. రెండోదానికి ‘వై యూ డిడింట్ కమ్?’.

రెండో వాక్యంలో డూ వచ్చింది. భూతకాలం వేసుకుని, వెనక ధాతువుని మిగిల్చి, పద్ధతిగా వచ్చింది. వచ్చిన చోటే తప్పు. యూ ని దాటి ముందుకి వెళ్ళలేదు. అంటే ఈ మనిషికి డూ తెలియక కాదు. ఇప్పుడు ఆ కుర్రాడి ఇంటర్వ్యూ వాక్యం మళ్ళీ చూద్దాం: ‘వెన్ యూ విల్ టెల్?’. ‘విల్’ పడిపోలేదు, కదల్లేదంతే. ‘వాట్ యూ ఆర్ డూయింగ్?’ లోనూ ‘ఆర్’ భద్రంగా ఉంది, కదల్లేదు. వీటన్నిటిలో ఉన్న లోటు ఒక్కటే: కర్తకీ సహాయక్రియకీ చోట్లు మారలేదు. ‘విల్’ కీ ‘ఆర్’ కీ తమదైన అర్థం ఉంది కనక కదలకపోయినా వాక్యంలో మిగిలాయి. డూ అలా కాదు. కదలడం కోసమే పుట్టిన మాట అది. కదలిక లేనప్పుడు దాన్ని పిలిచే పనే లేదు. మనవాళ్ళు డూ ని జారవిడిచారనడం కంటే, అసలు పిలవలేదనడం సరైన మాట.

పూర్తిగా తెలుగు వరసే దిగిపోయిందనడానికీ వీల్లేదు. అలా అయితే ‘యూ వై కేమ్?’ అనాలి. అలా అనేవాళ్ళని నేను మా ఊళ్ళో దాదాపు వినలేదు. ‘వై’ ని ముందుకి తేవాలని అందరికీ తెలుసు. ఎందుకంటే ‘వై’ అర్థమున్న మాట, అది ఎక్కడ కూర్చుందో చెవికి స్పష్టంగా తెలుస్తుంది. ఇంగ్లీషు ప్రశ్నలో రెండు కదలికలున్నాయి. అర్థమున్నదాన్ని పట్టుకున్నాం, అర్థం లేనిదాన్ని వదిలేశాం.

దీనివల్ల ఒక తమాషా జరిగింది. ఇంగ్లీషు చరిత్రలో డూ ముందు ప్రశ్నల్లో స్థిరపడి, తరవాత కాదు వాక్యాల్లోకి వచ్చిందని చెప్పాను కదా. నేను విన్నంతలో మా ఊళ్ళో వరస తిరగబడింది. ‘ఐ డోంట్ నో’, ‘హి డిడింట్ కమ్’ ఎప్పుడో వచ్చేశాయి. ప్రశ్నలో డూ మాత్రం చివరికి వస్తుంది, ఒక్కోసారి అసలు రాదు. ఎందుకంటే మనకి ‘డోంట్’ రెండు మాటల కలయికగా వినపడదు. ‘లేదు’ లాగా, ‘-ను’ లాగా కాదనే అర్థమున్న ఒకే ముద్ద అది. అర్థం ఉంది కనక చోటు దొరికింది. ‘హి డోంట్ నో’ అని ‘డజింట్’ రాకపోవడం కూడా ఇందుకేనేమో. మన ‘లేదు’ కి పురుష భేదం లేదు కదా. ‘ఐ డిడింట్ వెంట్’ అని భూతకాలాన్ని రెండుసార్లు వేయడమూ ఇలాంటిదే అనిపిస్తుంది: ‘డిడింట్’ ని ఉత్త ‘లేదు’ గా లెక్కేసుకున్నాక, జరిగిపోయిందని చెప్పడానికి క్రియ కావాలి.

ఇక్కడ కాస్త ఆగాలి. అన్నీ తెలుగు నెత్తిన రుద్దడం కుదరదు. ఇంగ్లీషు తల్లుల ఒళ్ళో పెరిగే పిల్లలు కూడా రెండు మూడేళ్ళప్పుడు ‘వేర్ డాడీ గో?’ అంటారు, కొంత పెద్దయ్యాక ‘డిడ్ యూ కేమ్?’ లాంటివీ అంటారు. అర్థం లేని మాట ఎవరికైనా ఆలస్యంగానే వస్తుంది. తెలుగు చేసేదల్లా ఆ ఆలస్యాన్ని మరింత సాగదీయడం. అలాగే ‘యూ కేమ్?’ అన్న ప్రతి ప్రశ్నా తప్పు కాదు. ఎవరైనా వస్తారని అనుకోకుండా ఎదురుపడితే ఇంగ్లీషు వాడు కూడా కనుబొమ్మలెత్తి అలాగే అంటాడు. తేడా తెలుసుకోవడానికి ఒక చిన్న పద్ధతుంది. జవాబు ముందే ఊహించి, నిర్ధారణ కోసం అడిగితే అది వాళ్ళూ అడిగే ప్రశ్నే. జవాబేమిటో బొత్తిగా తెలియకుండా అడిగినా అదే రూపం వస్తే, అది మన ప్రశ్న.

మరి బళ్ళో పదేళ్ళు ఇంగ్లీషు చదివాక కూడా ఇది ఎందుకు మిగిలిపోతుంది? నాకు తోచిన జవాబు వ్యాకరణంలో లేదు, తరగతి గదిలో ఉంది. అక్కడ ప్రశ్నలు మాస్టారివి. పిల్లల వంతు జవాబులే. జవాబుల్లో ‘ఎస్ సర్’, ‘నో సర్’, ‘ఐ డోంట్ నో సర్’ ఉంటాయి. కాదు వాక్యాలకి సాధన ఉంది, ప్రశ్నకి లేదు. పిల్లలు సొంతంగా అడిగే ప్రశ్న ఒక్కటే: ‘మే ఐ కమిన్ సర్?’. చూడండి, అందులో ‘మే’ ఎంత చక్కగా ‘ఐ’ ని దాటి ముందుకొచ్చిందో! ఆ కుర్రాడు కూడా ఇంటర్వ్యూ గదిలోకి ఆ వాక్యం అనే వెళ్ళి ఉంటాడు. రోజూ అన్నది కనక నోటికి వచ్చింది. కానీ అది ముద్దగా వచ్చింది, అందులోని కీలు విడదీసి ఇంకో వాక్యానికి తగిలించే పని ఎవరూ నేర్పలేదు.

ఈ సంగతి మా వైపు వాళ్ళకి నూరేళ్ళ కిందటే తెలుసు. గురజాడ అప్పారావు పుట్టిన ఎస్. రాయవరం ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోనే ఉంది. ఆయన ‘కన్యాశుల్కం’ లో, వెంకటేశానికి ఇంగ్లీషు వచ్చిందో లేదో ఇంట్లోవాళ్ళకి చూపించడానికి గిరీశం వాడితో మాట్లాడించే ఘట్టం గుర్తుందా? గురుశిష్యులు ఒకరికొకరు అప్పజెప్పేవి బళ్ళో బట్టీపట్టిన పద్యపాదాలూ, పాఠాల్లో వాక్యాలూ. ఒకడు చెప్పిందానికీ ఇంకొకడు చెప్పిందానికీ సంబంధం లేదు. చూసేవాళ్ళు మురిసిపోతారు. అందరం నవ్వుతాం. నవ్వాక ఆలోచిస్తే, ఆ సంభాషణలో లేనిది ఒకరికి నిజంగా కావలసి ఇంకొకరిని అడిగిన ప్రశ్న.

గురజాడ మిత్రుడు గిడుగు రామమూర్తి, పాఠశాలల ఇన్స్పెక్టరు జె. ఎ. యేట్స్, విశాఖపట్నం ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి. టి. శ్రీనివాస అయ్యంగారు – వీళ్ళంతా 1906 తరవాతి రోజుల్లో కలిసి నడిచింది ఈ దారిలోనే. భాషని అనువాదం ద్వారా, బట్టీ ద్వారా కాక మాట్లాడుతూ నేర్పాలన్న డైరెక్ట్ మెథడ్ అప్పుడు కొత్త. అదే చూపుతో తెలుగుని చూస్తే, బళ్ళో నేర్పే తెలుగు ఎవరూ మాట్లాడేది కాదని తేలింది. వాడుక భాషా ఉద్యమం అలా బలపడింది. ఈ వ్యాసం ఇలా రాయగలుగుతున్నానంటే ఆ గొడవ పుణ్యమే. ఇంగ్లీషు బోధన గురించి పుట్టిన ఆలోచన తెలుగుని మార్చింది. ఇంగ్లీషు తరగతిలో మాత్రం ప్రశ్న మాస్టారి దగ్గరే ఉండిపోయింది.

చివరగా ఒక మాట. మనకి డూ లాంటిది తెలియనే తెలియదనుకోకండి. బెల్లం మార్కెట్టు వాక్యం మళ్ళీ వినండి: ‘పేమెంట్ చేయలేదేటి?’. ‘కాల్ చేశావా?’, ‘బుక్ చేయలేదు’, ‘కట్ అయింది’. సంస్కృతం మాటలు వచ్చినప్పుడు తెలుగు వాటికి ‘-ఇంచు’ తగిలించి క్రియలు చేసుకుంది: ప్రయత్నించు, పూజించు. హిందుస్తానీ మాటలకి ‘-ఆయించు’: దబాయించు, బుకాయించు. ఇంగ్లీషు మాటల దగ్గరికి వచ్చేసరికి వాటిని ముట్టుకోకుండా పక్కన ‘చేయు’ ని నిలబెట్టింది. ఎందుకంటే ‘కాల్’ అన్న మాట ‘-శావు’ నీ, ‘-లేదు’ నీ తన మీద మోయలేదు. కాలానికి, పురుషకి మోసేవాడు కావాలి. ఇంగ్లీషు వాడికి డూ ఎందుకు అవసరమైందో, మనకి చేయు అందుకే అవసరమైంది. రెండు భాషలూ ఆ పనికి ఎంచుకున్నది ఒకే అర్థమున్న మాటని. పోలిక పూర్తిగా అతకదు, నిజమే. ‘కట్ చేశాను’, ‘కట్ అయింది’ అని మనం అర్థాన్ని బట్టి ఎంచుకుంటాం, కాబట్టి మన చేయు డూ అంత ఖాళీ మాట కాదు. పైగా అది క్రియ ఉన్న చోటే ఉంటుంది, ఎక్కడికీ కదలదు.

అయినా ఇంగ్లీషు నేర్పేవాళ్ళు డూ దగ్గరికి వచ్చినప్పుడు ‘ఇది రూల్, బట్టీ పట్టండి’ అనడం మాని, ‘కాల్ చేశావా’ లో చేయు ఏం మోస్తోందో అడగవచ్చు. పిల్లలు వెంటనే చెప్తారు. ఆ తరవాత ‘డిడ్ యూ కాల్?’ లో డిడ్ ఏం మోస్తోందో, అది యూ ని దాటి ఎందుకు వెళ్ళిందో చూపించవచ్చు. ఆ పైన ఒక పీరియడ్ మొత్తం ప్రశ్నలు పిల్లలకి అప్పగించి, జవాబులు మాస్టారు చెప్పాలి.